అరబ్బీలోకి రాని మందు

కువైట్‌లో ఒక ఆసుపత్రి వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేసి, తెనాలి వచ్చేశాక నాకు దొరికిన రెండో ఉద్యోగం అరబ్బీ. అక్కడి ముసలమ్మల మంచాల పక్కన నిలబడి నేర్చుకున్న భాష అది. వీసా కాగితాలు, పెళ్ళి సర్టిఫికెట్లు, వంటవాళ్ళ ఒప్పందాలు, ఏది తెచ్చినా మా ఇంటి వసారాలో కూర్చుని అటువి ఇటు, ఇటువి అటు రాసిపెడుతూ ఉంటాను. మందుల చీటీలంటే మాత్రం నాకు భయం. పెళ్ళి సర్టిఫికెట్‌లో ఒక అక్షరం తప్పితే ఆఫీసులో తిట్టి పంపిస్తారు. మందుల చీటీలో అక్షరం తప్పితే తిట్టడానికి మనిషి మిగలకపోవచ్చు.

ఆ రోజు పొద్దున్నే ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. పంపినావిడది అడవులదీవి. ఆవిడ భర్త కువైట్‌లో ఒక పెద్దింట్లో వంటమనిషి. అతని ఒప్పందం కాగితాలు నేనే రాశాను కాబట్టి నా నంబరు ఆవిడ దగ్గర ఉంది. సెలవుకి వచ్చినప్పుడు అతను రేపల్లెలో ఒక డాక్టరు గారికి చూపించుకుని, మందులు కొనుక్కుని తిరిగి వెళ్ళాడట. ఇప్పుడా చీటీని అరబ్బీలో రాసివ్వాలట.

ఆ ఫొటోలో సగం చీటీ, సగం ఆవిడ బొటనవేలు. మిగిలినదాంట్లో డాక్టరు గారి చేతిరాత. చీమ సిరాలో పడి లేచి నడిచినట్టు ఉంటుందంటారే, అలా కూడా లేదు. చీమకైనా ఒక దారి ఉంటుంది.

అక్కడి డాక్టర్లకి ఇంగ్లీషు వచ్చు కదా, అరబ్బీ ఎందుకని అడిగాను. డాక్టరుకి కాదట. ఆ ఇంటి పెద్దావిడకట. ఆమెకి అరబ్బీ తప్ప మరో అక్షరం రాదు. ఇంట్లో ఎవరు ఏ మాత్ర వేసుకోవాలన్నా ఆమె చేతి మీదుగానే. అది ఆమె పట్టుదల. వంటమనిషిని కూడా ఇంట్లో మనిషి కింద లెక్కేసి అతని మందులూ తన అధీనంలోకి తీసుకుంది. దానికి కారణం కూడా ఉంది. అతను పొయ్యి దగ్గర నిలబడి నిద్రపోతున్నాడట. అన్నం మాడిపోయిన వాసనకి ఆమె వచ్చి చూస్తే, గరిటె పట్టుకుని గుర్రు పెడుతున్నాడట.

మాత్రల అట్టల మీద పేర్లుంటాయి కదా, అవి ఫొటో తీసి పంపమన్నాను. అప్పుడు ఆవిడ అసలు సంగతి చెప్పింది. సామాను బరువు తగ్గుతుందని వాళ్ళాయన మాత్రలన్నీ అట్టల్లోంచి ఒలిచి, ఖాళీ ఆవకాయ సీసాలో పోసుకుని వెళ్ళాడట. అన్నీ తెల్లగానే ఉంటాయి. ఇన్నాళ్ళూ పొద్దున్నే ఒక్కో రకం ఒక్కోటి చొప్పున ఏరి వేసుకున్నాడట.

"సీసా కడిగే పోశాడక్కా," అంది, అదొక్కటే నా అభ్యంతరం అయినట్టు.

ముందు ఆ సీసాలోంచి ఒక్క మాత్ర కూడా వేసుకోవద్దని, ఇవాళే అక్కడి క్లినిక్‌కి వెళ్ళి బీపీ చూపించుకోమని అతనికి చెప్పమన్నాను. ఏది దేనికో తెలియనప్పుడు వేసుకోవడం తప్పు. అలాగని బీపీ మనిషిని మందు లేకుండా ఊరికే వదిలేయడమూ తప్పే. ఆ నిర్ణయం అక్కడ అతన్ని ఎదురుగా చూసే డాక్టరుది. నా పని చీటీలో ఏముందో అది చెప్పడం, లేనిది చెప్పకపోవడం.

తర్వాత ఆవిడ చేత చీటీ మళ్ళీ ఫొటో తీయించాను. బల్ల మీద చదునుగా పెట్టు, వెలుతురు పక్కనుంచి పడాలి, నీ నీడ పడకూడదు, నాలుగు అంచులూ కనపడాలి, వేలు తీసెయ్ అని చెప్పాను. ఈసారి వేలు లేదు. మొదటి మందు చదవగలిగాను. ఆమ్లోడిపిన్, బీపీది. మోతాదు దగ్గర మాత్రం ఆగిపోయాను. ఐదు అంకెకి ముందు చుక్క ఉంది. ఐదు మిల్లీగ్రాములు ఉంటుంది. చుక్క ఐదు, అంటే అర మిల్లీగ్రాము మాత్ర ఉన్నట్టు నేనెరగను. చీటీ ఎక్కడ పెట్టి తీశావని అడిగాను. వంటగదిలోనట. అంతకు ముందే అక్కడ చేపలు తోమిందట. చీటీని ఓసారి పొడిగుడ్డతో తుడవమన్నాను.

ఆ చుక్క చేప పొలుసు. తుడిస్తే పోయింది.

మిగతావి తుడిస్తే పోయేవి కావు. పారాసిటమాల్ ఐదువందలు, పక్కన ఎస్ ఓ ఎస్. అవసరమైతేనే అని దానర్థం. కాలమిన్ లోషన్, పక్కన ఎల్ బై ఏ, అంటే పైన రాసుకోవడానికి. ఇక్కడిదాకా బాగానే ఉంది. రెండో మందే ఇబ్బంది. 'హైడ్ర' దాకా స్పష్టంగా ఉండి, అక్కణ్ణుంచి ఒక అల లేచి తోకతో ముగిసింది. ఇరవై ఐదు మిల్లీగ్రాములు. హైడ్రాక్సిజిన్ అయితే దురదకి. హైడ్రాలజిన్ అయితే బీపీకి. రెండూ ఇరవై ఐదులో దొరుకుతాయి. ఒకదాని బదులు ఇంకొకటి ఇచ్చి మనుషుల్ని ఇబ్బందిపెట్టిన జంట అని మా వార్డులో ఆ రెండు పేర్లనీ గోడ మీద ఎర్రక్షరాలతో రాసి అంటించేవారు. పోనీ మనిషి జబ్బు చూసి చెప్పేద్దామంటే, ఈయనకి బీపీ ఉంది, దురదా ఉంది.

నిద్రపోతున్నాడంటే దురద మందే అయ్యుంటుందని నా మనసు మొగ్గింది. అది మత్తు తెస్తుంది. కానీ మొగ్గు వేరు, తెలియడం వేరు. వంటమనిషి గరిటె పట్టుకుని నిద్రపోవడానికి మందే అక్కర్లేదు, కువైట్ ఎండ చాలు.

అన్నిటికన్నా కింద, చివరి గీతలో, ఇంకో మందు. 'అవా' అని మొదలై మధ్యలో 'ప్రా' లాంటిది ఉండి 'న్స్' అని ముగిసింది. మోతాదు లేదు. ఎన్నిసార్లో లేదు. నాకు తెలిసిన మందులన్నీ తలుచుకున్నాను. ఫోన్‌లో వెతికాను. అలాంటి పేరు ఏ దేశంలోనూ లేదు. అరబ్బీ కాగితం మీద ఆ చోట 'చదవడానికి వీల్లేదు, డాక్టరును అడగాలి' అని రాసి ఉంచాను. రెండో మందు దగ్గరా అదే రాశాను.

నంబరు తీసుకుని ఆ కాగితాన్ని కువైట్ పెద్దావిడకి పంపించగానే వాయిస్ మెసేజ్ వచ్చింది. అమ్మాయీ, చదవడం రాకపోతే అనువాదం ఎందుకు చేస్తున్నావు అని. తప్పులేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని.

చీటీ మీది నంబరు చూసి డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆయన వాడేది బటన్ల ఫోను, ఫొటో వెళ్ళదు. వెనకాల బ్యాండు మోగుతోంది. బాపట్లలో చుట్టాల పెళ్ళిలో ఉన్నారట. నేను రెండు పేర్లూ చెప్పి ఏదండీ అని అడిగాను. ఆ గోలలో ఆయనకి రెండూ ఒకేలా వినిపించాయి. బీపీ, దురద రెండూ ఉన్నవాళ్ళు తన దగ్గరికి చాలామంది వస్తారని, పక్కవాళ్ళ ఫోన్‌కి ఫొటో పంపుతానన్నా సరే, అసలు చీటీ చూడకుండా చెప్పనని ఖచ్చితంగా అన్నారు. అంత గోలలోనూ ఆ మాట అన్నందుకు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. సాయంత్రానికల్లా అక్కణ్ణుంచి హైదరాబాదు వెళ్ళి, వారం దాకా రారట. అందుకని తెనాలిలో రేపల్లె రైలెక్కాను. అడవులదీవి ఆవిడని అసలు చీటీ పట్టుకుని రేపల్లె రమ్మన్నాను, అక్కణ్ణుంచి ఇద్దరం బాపట్ల వెళ్దామని.

బాపట్ల బస్సుకి కాస్త వ్యవధి ఉంది. ఈలోగా బస్టాండు పక్కన ఆవిడ భర్త మందులు కొన్న షాపు ఉంటే అక్కడికి వెళ్ళాం. బిల్లు లేదు. షాపాయన ఇవ్వలేదట, ఈయన అడగలేదట, ఇద్దరూ కలిసి ఆ పని చేశారు. షాపాయన చీటీని చూడగానే, ఇది మా డాక్టరు గారి చెయ్యేనని గర్వంగా అన్నాడు. రెండో మందు ఏంటండీ అంటే హైడ్రాక్సిజిన్ అన్నాడు. అతనికి బీపీ కూడా ఉందండీ అన్నాను. అయితే హైడ్రాలజిన్ అన్నాడు. దురదా ఉంది కదండీ అంటే మళ్ళీ మొదటిదానికి వచ్చాడు. నేను ఏది తలుచుకుంటే అది చదివే మనిషిలా ఉన్నాడు. చివరి గీత చూపించాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, వెనక అరల వైపు ఒకసారి తిరిగి చూశాడు.

"అది స్టాక్ అయిపోయిందండీ. సోమవారం వస్తుంది."

ఏ దేశంలోనూ లేని మందు రేపల్లెలో సోమవారం వస్తుందని విన్నాక ఇంకేం అడగాలనిపించలేదు. బస్సెక్కేశాం.

దారంతా ఆవిడ నన్ను చీటీ భాష అడుగుతూనే ఉంది. ఒకటి సున్నా సున్నా అంటే ఏంటక్కా అంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి లేదు అని చెప్పాను. అరబ్బీలో అదే రాయొచ్చుగా అంది. అక్కడే ఉంది చిక్కు. వాళ్ళు కుడి నుంచి ఎడమకి చదువుతారు. ఒకటి సున్నా సున్నా అని అలాగే రాసి ఇస్తే ఆ పెద్దావిడ కుడివైపు నుంచి సున్నా, సున్నా, ఒకటి అని చదివి పొద్దుటి బీపీ మాత్రని రాత్రికి మార్చేస్తుంది. అందుకే అంకెలు వదిలి 'ఒక మాత్ర, ఉదయం' అని మాటల్లో రాస్తాను. ఐదు అని వాళ్ళ అంకెలో రాస్తే అది గుండ్రంగా మన సున్నాలా ఉంటుంది. వాళ్ళ సున్నా ఒట్టి చుక్క. అందుకని ఐదు కూడా అంకెతో పాటు అక్షరాల్లో రాయాలి. ఎస్ ఓ ఎస్ అని రాస్తే ఓడ మునిగిపోతోందనుకుంటారు. 'అవసరమైతేనే, దేనికి అవసరమైతే, ఎంత ఎడంతో' అని రాయాలి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచి పక్కన అరబ్బీలో పలుకుబడి మాత్రం ఇస్తాను, ఎందుకంటే వాళ్ళకి 'ప' లేదు, అన్నీ 'బ' అయిపోతాయి. కంపెనీ పేరు ఒక్కటే రాస్తే కూడా కుదరదు, అదే పేరుతో ఇంకో దేశంలో ఇంకో మందు ఉండొచ్చు. అసలు మందు పేరు ఉండాలి.

ఆవిడ అన్నీ విని, ఇంత కష్టం ఉందని తెలిస్తే ఆయన్ని దురద లేకుండా పెంచేదాన్నని అంది. భర్తని.

బాపట్లలో కల్యాణమండపం కనుక్కోవడం తేలికే, బ్యాండు వైపు నడవడమే. డాక్టరు గారిని కనుక్కోవడం కష్టమైంది. గుమ్మంలో మమ్మల్ని చూసి ఒక పెద్దాయన, పెళ్ళికూతురి తరఫువాళ్ళా అని అడిగాడు. డాక్టరు గారి కోసమండీ అన్నాను. ఆయన 'డాక్టరు గారి వాళ్ళు' అని అరిచాడు. ఇద్దరు మనుషులు వచ్చి మా చేతులు పట్టుకుని భోజనాల వరసలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. మేం నోరు తెరిచేలోగా ఆకులు పడ్డాయి, అన్నం పడింది. లేస్తానంటే, పెళ్ళివాళ్ళు మర్యాద తక్కువైందనుకుంటారని పక్కావిడ నా భుజం నొక్కి కూర్చోబెట్టింది. అడవులదీవి ఆవిడ అప్పటికే కలుపుతోంది. పొద్దున్నుంచీ తినలేదట.

అదృష్టం ఏంటంటే, మా ఎదురు వరసలోనే డాక్టరు గారు ఉన్నారు. ఆవిడే గుర్తుపట్టి మోచేత్తో పొడిచింది. సన్నగా, తెల్లటి లాల్చీలో, తలొంచుకుని శ్రద్ధగా రొయ్యల ఇగురు తింటున్నారు. నేను ఎడమచేత్తో చీటీ పట్టుకుని, ఆకు దాటి, వడ్డనవాళ్ళని తప్పించుకుని ఆయన ముందు నిలబడ్డాను. పొద్దున్న ఫోన్ చేసింది నేనేనని చెప్పాను. కళ్ళద్దాలు జేబులో లేవు. పక్కాయనవి అడిగి పెట్టుకున్నారు. చీటీని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశారు.

"ఎవరమ్మా ఇది రాసింది?" అన్నారు.

"మీరేనండి," అన్నాను.

ఆయన మళ్ళీ చూశారు. పైన ఉన్న తన పేరే తనకి సాక్ష్యం. అప్పుడు ఆయన ముఖంలో ఒక నిజాయితీ గల సిగ్గు కనిపించింది. ఎవరికమ్మా అని అడిగి, అడవులదీవి ఆవిడ ఎదురు వరసలోంచి చెయ్యి ఊపగానే, ఆ వంటమనిషా అని గుర్తు తెచ్చుకున్నారు. చేతుల మీద దద్దుర్లతో వచ్చాడు కదా అన్నారు. రెండోది హైడ్రాక్సిజిన్. బీపీది కాదు. అక్షరం అక్షరం చెప్పమని, రాసుకుని, తిరిగి ఆయనకే చదివి వినిపించాను. మధ్యలో ఎక్స్ ఉందా అని మరోసారి అడిగాను. ఉందన్నారు. ఎప్పుడు వేసుకోవాలని అడిగితే, రాత్రి పడుకునే ముందు ఒకటి, అది కూడా ఐదు రోజులే అన్నారు. చీటీలో ఐదు, గీత, ఏడు అని ఉంటే అప్పటిదాకా నేను తేదీ అనుకున్నాను. ఐదు రోజులకి పాత తరం గుర్తు అది. ఆవిడ చెప్పిన ప్రకారం, దాన్ని ఐదు నుంచి ఏడు అట్టలనుకుని వంటమనిషి ఐదు అట్టలు కొని, పొద్దున్నే ఒకటి చొప్పున నెల దాటి వేసుకుంటున్నాడు. అందుకే ఆ గరిటె నిద్ర. అంటే, ఏ మందు కోసం నేను మూడు ఊళ్ళు తిరిగానో ఆ మందు అతను ఆపేసి చాలాకాలం కావలసింది.

డాక్టరు గారు కూడా అది గ్రహించి కాసేపు తినడం మానేశారు. ఆపేయమని, బీపీది మాత్రం ఐదు మిల్లీగ్రాములది రోజూ పొద్దున కొనసాగించాలని, అక్కడి డాక్టరు బీపీ చూసి మార్చాలంటే మార్చవచ్చని చెప్పారు. పారాసిటమాల్ తలనొప్పికో జ్వరానికో, ఆరు గంటల ఎడం ఉండాలి, రోజుకి నాలుగు మించకూడదు. అన్నీ తిరిగి ఆయనకే చదివి వినిపించాను. ఇక మిగిలింది చివరి గీత.

"ఈ మందేంటండీ? ఎక్కడా దొరకలేదు," అన్నాను.

ఆయన చదివారు. ఒక్క క్షణం నా వైపు చూశారు. తర్వాత కుడిచేతి చూపుడువేలితో తన ఆకు మీదున్నదాన్ని చూపించారు.

"ఇదమ్మా. అవాయిడ్ ప్రాన్స్. రొయ్యలు ముట్టుకోవద్దని రాశాను."

పక్కన కూర్చున్న కళ్ళద్దాల ఓనరు మొదట నవ్వాడు. తర్వాత వరసంతా నవ్వింది. డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. చీటీ వెనక్కి తిప్పమని, చెయ్యి కడుక్కుని వచ్చి, అన్నీ పెద్దక్షరాల్లో మళ్ళీ రాసి, తేదీ వేసి సంతకం చేశారు. పెద్దక్షరాలు కూడా వంకరగానే ఉన్నాయి, కానీ ఈసారి ఒక్కో అక్షరం విడివిడిగా వంకరగా ఉంది. దాంతో నాకు అభ్యంతరం లేదు.

మండపం బయట అరుగు మీద కూర్చుని అరబ్బీ కాగితం మళ్ళీ రాశాను. ఆమ్లోడిపిన్, ఐదు మిల్లీగ్రాములు, ఒక మాత్ర, ఉదయం, రోజూ. హైడ్రాక్సిజిన్, ఆపేయాలి. పారాసిటమాల్, తలనొప్పికో జ్వరానికో అవసరమైతేనే, ఆరు గంటల ఎడంతో, రోజుకి నాలుగు మించకుండా; కాలమిన్, పైన రాసుకోవడానికి. సీసాలో మాత్రలు కలిసిపోయాయి కాబట్టి అవేవీ వాడవద్దు, కొత్త అట్టలు కొనాలి. రొయ్యలు ముట్టుకోకూడదు, తినకూడదు. రొయ్యని ఈజిప్టువాళ్ళు ఒకటంటారు, కువైట్‌లో రుబ్యాన్ అంటారు. ఆమె భాషలోనే రాశాను.

వెంటనే వాయిస్ మెసేజ్ వచ్చింది. మందుల మాట లేదు. రొయ్యల బిరియానీ ఆ ఇంట్లో ప్రతి శుక్రవారం ఉంటుంది, అతని చేతిది ఆమెకి ప్రాణం. అసలు ఇది డాక్టరు రాశాడా, లేక రొయ్యలు ఒలవలేక వాడే నీతో రాయించాడా అని అడిగింది. డాక్టరు గారి సంతకం ఫొటో తీసి పంపాను. ఆమెకి అది చదవడం రాదు, కానీ ఎవరికీ రాదని చెప్పాను. ఇంకో మెసేజ్ రావడానికి కొంచెం టైం పట్టింది.

"మంచిది. రొయ్యలు మా అబ్బాయి ఒలుస్తాడు. వాడికి జబ్బేం లేదు," అని దానర్థం.

నేను ఆమెని కాగితం మొత్తం పైకి చదివి వినిపించమన్నాను. ఆమెకి కోపం వచ్చింది, నేను బడికి వెళ్ళిన మనిషినే అంది. తెలుసండీ, నా తప్పు పట్టుకోవడానికే అడుగుతున్నానని చెప్పాక చదివింది. మొదటి లైనులో ఉదయం అన్న మాట దగ్గర ఆగి, తెల్లవారుజాము నమాజుకి ముందా తర్వాతా అని అడిగింది. ఎప్పుడైనా ఫర్వాలేదు, రోజూ ఒకే వేళకి అయితే చాలన్నాను. తర్వాత అని తనే నిర్ణయించుకుంది. చివరిదాకా తప్పులేకుండా చదివింది.

ఆ సాయంత్రం వంటమనిషి క్లినిక్‌కి వెళ్ళాడు. బీపీ కొంచెం ఎక్కువగా ఉందట, అదే మందు కొత్తగా రాశారట. బాపట్ల స్టేషన్లో తెనాలి వైపు రైలు కోసం కూర్చున్నప్పుడు ఆ కబురు వచ్చింది. ఆవిడ ఫోన్‌లో భర్త చెప్పేదంతా వింది. తర్వాత నిద్ర వస్తోందా అని ఒక్క మాట అడిగింది. లేదన్నాడు. ఆవిడ ఫోన్ పెట్టేసి, పెళ్ళివాళ్ళు కట్టిచ్చిన లడ్డూ పొట్లం విప్పి, నాకు సగం ఇచ్చింది.